అదనపు లగేజీ డబ్బు: ఆన్‌లైన్‌లో ముందే కట్టాలా, కౌంటరు దగ్గరా?

ప్రశ్న: ఉద్యోగం కోసం వేరే దేశానికి మకాం మారుస్తున్నాను. వన్‌వే టికెట్. బట్టలు, పుస్తకాలు, సామాన్లు అన్నీ కలిపి టికెట్‌లో ఇచ్చిన బరువు కంటే చాలా ఎక్కువ అవుతున్నాయి. అదనపు లగేజీకి ఆన్‌లైన్‌లో ముందే కట్టేయడం మంచిదా, ఎయిర్‌పోర్టులో తూకం వేశాక కట్టొచ్చా? ముందే కట్టి, తీరా బరువు తగ్గితే డబ్బు పోతుందేమోనని భయంగా ఉంది.

సమాధానం:

ముందే కట్టండి. కానీ పెట్టెలు సర్ది, తూకం వేసిన తర్వాతే కట్టండి. అది కూడా మొత్తం అదనపు బరువుకు కాదు, ఖాయంగా దాటుతుందని తేలిన మేరకే. మిగిలిన ఒక్క కిలో సంగతి కౌంటరు దగ్గర చూసుకోవచ్చు. మీ భయం నిజమే, వాడుకోని కిలోలకు చాలా విమాన కంపెనీలు డబ్బు వెనక్కి ఇవ్వవు. అయితే ఆ నష్టం ఎంతో ముందే లెక్కేసుకోవచ్చు. కౌంటరు దగ్గర పడే దెబ్బతో పోలిస్తే అది చిన్నదే.

నేను చాలా ఏళ్లు చెక్-ఇన్ కౌంటరు వెనక పనిచేశాను, ఇప్పుడు టికెటింగ్ చూస్తున్నాను. నేను చూసినంతలో అదనపు లగేజీతో ఇబ్బంది పడినవాళ్లలో ఎక్కువమంది "ఎక్కడ కట్టాలి" అన్న దగ్గర తప్పు చేయలేదు. తమ టికెట్ ఏ పద్ధతిలో ఉందో చూసుకోకపోవడం వల్లే ఇరుక్కున్నారు. కాబట్టి ముందు అక్కడి నుంచి మొదలుపెడదాం.

మీ ఇ-టికెట్‌లో బ్యాగేజీ అన్న చోట `30K` లాంటిది ఉందా, `2PC` లాంటిది ఉందా చూడండి. K అంటే కిలోలు. మొత్తం బరువే లెక్క, దాన్ని రెండు పెట్టెల్లో పెట్టారా మూడింట్లో పెట్టారా అన్నది సాధారణంగా పట్టించుకోరు. PC అంటే పెట్టెల లెక్క. రెండు పెట్టెలు తీసుకెళ్లొచ్చు, ఎకానమీలో ఒక్కోటి మామూలుగా 23 కిలోలు దాటకూడదు. మొదటి పెట్టె 15 కిలోలే ఉంది కదా, మిగిలిన 8 కిలోలు రెండో దాంట్లో కలుపుకోండి అంటే కుదరదు. ఈ రెండు పద్ధతుల్లో అదనపు ధర వేసే తీరే వేరు. ఒకరి అనుభవం ఇంకొకరికి పనికిరాకపోవడానికి అసలు కారణం ఇదే.

కిలోల టికెట్ అయితే

ఇక్కడ ఆన్‌లైన్‌కూ కౌంటరుకూ తేడా బాగా కనిపిస్తుంది. కౌంటరులో కిలోకు ఇంత అని తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో 5, 10, 15, 20 కిలోల స్లాబులుగా అమ్ముతారు, స్లాబు పెద్దదయ్యే కొద్దీ కిలో ధర తగ్గుతుంది. కచ్చితమైన ధరలు కంపెనీని బట్టి, రూటును బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ ఉత్త అంకెలతో లెక్క చూపిస్తాను. మీ కంపెనీ ధరలు వాటి స్థానంలో పెట్టుకోండి, లెక్క అదే.

కౌంటరులో కిలోకు 22 అనుకుందాం. ఆన్‌లైన్‌లో 5 కిలోలు 60, 10 కిలోలు 110, 15 కిలోలు 150, 20 కిలోలు 190. మీకు 30 కిలోల అనుమతి ఉంది. ఇంట్లో తూకం వేస్తే ఒక పెట్టె 27, ఇంకోటి 19, మొత్తం 46 వచ్చాయి. అంటే 16 కిలోలు ఎక్కువ.

ఏమీ కొనకుండా కౌంటరుకు వెళ్తే 16 ఇంటూ 22, 352 అవుతుంది. ఆన్‌లైన్‌లో 20 కిలోల స్లాబు కొంటే 190తో పోతుంది, 4 కిలోలు వృథా అయినా సరే. 15 కిలోల స్లాబు కొని, మిగిలిన ఒక్క కిలోకు కౌంటరులో కడితే 150కి 22 కలిపి 172. ఆ ఒక్క కిలో తీసి ఇంట్లో వదిలేస్తే 150.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 15 నుంచి 20కి వెళ్లడానికి అదనంగా అయ్యేది 40. కౌంటరులో కిలో 22. 40ని 22తో భాగిస్తే రెండుకు కాస్త తక్కువ వస్తుంది. అంటే 15 కిలోల స్లాబు మీద ఒక్క కిలోనే దాటుతుంటే పై స్లాబు కొనకండి. రెండు కిలోలు దాటేట్టుంటే కళ్లు మూసుకుని పై స్లాబు కొనండి, మిగతా మూడు కిలోలు వాడుకోకపోయినా నష్టం లేదు. పై స్లాబుకు అదనంగా అయ్యే ధరను కౌంటరు కిలో ధరతో భాగించండి. అంతకంటే ఎక్కువ కిలోలు దాటుతాయనుకుంటేనే పై స్లాబు. "వాడుకోని కిలోలకు డబ్బు పోతుంది" అన్న భయానికి నా దగ్గరున్న జవాబు ఇదే. చాలాసార్లు మూడు కిలోలు వృథా చేసుకోవడం కంటే రెండు కిలోలకు కౌంటరులో కట్టడమే ఎక్కువ ఖర్చు.

కౌంటరు ధర ఎందుకంత ఎక్కువ అని చాలామంది నాతోనే గొడవపడేవారు. పాత పద్ధతిలో, కిలోల టికెట్లకు అదనపు కిలో ధరను ఆ రూటులో ఎకానమీ పూర్తి వన్‌వే ఛార్జీలో ఒకటిన్నర శాతంగా లెక్కగట్టేవారు. అంటే మీరు ఆఫర్లో కొన్న టికెట్ ధరతో దానికి సంబంధమే ఉండేది కాదు. ఇప్పుడు చాలా కంపెనీలు సొంత రేటు పట్టికలు పెట్టుకున్నాయి కానీ, కౌంటరు ధర భారంగానే ఉండాలన్న ఆలోచన పోలేదు. దానికి కారణమూ ఉంది. ముందే కొన్న బరువును విమానం లోడు లెక్కలో వేసుకుంటారు, ఆ మేరకు కార్గోకు ఎంత చోటు ఇవ్వాలో తేల్చుకుంటారు. గంటన్నర ముందు కౌంటరుకు వచ్చిన బరువు వాళ్ల లెక్కను చెడగొడుతుంది. అందుకే కొన్నిసార్లు డబ్బు ఇస్తామన్నా తీసుకోరు. విమానం నిండా ఉండి, బరువు పరిమితి దగ్గరపడితే "ఈరోజు అదనపు లగేజీ లేదు" అని నేనే ఎన్నోసార్లు చెప్పాల్సి వచ్చింది. ముందే కట్టినవాళ్ల లగేజీ అలాంటప్పుడు కూడా దాదాపు ఎప్పుడూ వెళ్లిపోయేది. మకాం మారుస్తున్న మీకు ఇది ధర కంటే ముఖ్యం. వారం రోజుల ట్రిప్పుకు వెళ్లేవాళ్లు ఒక పెట్టె వెనక్కి పంపించేయగలరు, మీరు పంపించలేరు.

పెట్టెల టికెట్ అయితే

ఇక్కడ ఎక్కడ కడుతున్నారన్న దానికంటే ఎలా సర్దారన్నదే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. ఒక పెట్టె మీద మూడు రకాల ఛార్జీలు పడొచ్చు. అనుమతించిన సంఖ్య కంటే ఎక్కువ పెట్టె అయితే ఒకటి. 23 కిలోలు దాటి 32 లోపు ఉంటే అధిక బరువు ఛార్జీ. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కూడితే 158 సెంటీమీటర్లు దాటితే సైజు ఛార్జీ. ఒకే పెట్టె మీద మూడూ పడే కంపెనీలు ఉన్నాయి. కొత్తవాళ్లకు గుండె ఆగినంత పనయ్యేది ఇక్కడే.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికేది సాధారణంగా మొదటిదే, అంటే అదనపు పెట్టె. అధిక బరువు, సైజు ఛార్జీలను చాలా కంపెనీలు ముందే అమ్మవు, అవి కౌంటరులోనే తేలతాయి. కాబట్టి సర్దేటప్పుడే మీ అదనపు బరువును మూడో పెట్టెగా మార్చుకోగలిగితే ఆన్‌లైన్ ధర మీకు అందుబాటులోకి వస్తుంది. రెండు పెట్టెల్లోనే కుక్కితే రాదు.

లెక్క చూద్దాం. రెండు పెట్టెల అనుమతి ఉంది, మీ సామాను 64 కిలోలు. మూడో పెట్టె ఆన్‌లైన్‌లో 130, కౌంటరులో 180, అధిక బరువు ఛార్జీ పెట్టెకు 100 అనుకుందాం. రెండు పెట్టెల్లో 32, 32 సర్దితే రెండింటికీ కలిపి 200. అదే సామాను 23, 23, 18గా మూడు పెట్టెల్లో సర్దితే ఆన్‌లైన్‌లో 130. కౌంటరులో కట్టినా 180, అది కూడా 200 కంటే తక్కువే. పైగా మూడో పెట్టెలో ఇంకో ఐదు కిలోలకు చోటు మిగిలింది.

సామాను 52 కిలోలే అయితే లెక్క తిరగబడుతుంది. 23, 29గా సర్దితే ఒక్క అధిక బరువు ఛార్జీ, 100. మూడో పెట్టె ఆన్‌లైన్‌లో కొన్నా 130. ఇక్కడ కౌంటరులో కట్టడమే మేలు. అందుకే "ఎప్పుడూ ఆన్‌లైనే చవక" అని ఎవరైనా గుడ్డిగా చెబితే వెంటనే నమ్మకండి. ఒక పెట్టె మాత్రమే కాస్త బరువెక్కుతుంటే అధిక బరువు ఛార్జీ, రెండు పెట్టెలూ బరువెక్కుతుంటే అదనపు పెట్టె. చాలావరకు ఇలాగే తేలుతుంది, అయినా మీ కంపెనీ పట్టికతో ఒకసారి సరిచూసుకోండి.

32 కిలోలు అన్నది డబ్బుతో దాటగలిగే గీత కాదు. లోడింగ్ చేసేవాళ్ల నడుము కోసం పెట్టిన పరిమితి అది. కిలోల టికెట్ ఉన్నా, 50 కిలోల అనుమతి ఉన్నా, ఒక్క పెట్టె 32 దాటితే తెరిచి విడదీయమంటారు. కౌంటరు ముందు నేల మీద పెట్టె తెరుచుకుని, లోపలి బట్టలన్నీ అందరికీ కనపడేలా పరుచుకుని, పక్క దుకాణంలో ధర అడగకుండా బ్యాగు కొనుక్కొచ్చిన వాళ్లను లెక్కలేనంత మందిని చూశాను. పుస్తకాలు ఉన్నవాళ్లు ముఖ్యంగా జాగ్రత్త. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు సర్దితే 32 ఎప్పుడు దాటిందో తెలియదు.

సైజు విషయంలో కూడా ఒక మాట. మకాం మార్పు అనగానే దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద సూట్‌కేసు కొంటారు. 77, 52, 34 సెంటీమీటర్ల పెట్టెను టేపుతో కొలిస్తే 163 వస్తుంది, అంటే 158 దాటిపోయింది. కొలతలో చక్రాలు, పిడి కూడా కలుస్తాయి. దుకాణంలో అతికించిన చీటీ మీద చాలాసార్లు అవి కలపరు. కొనేముందు టేపు పట్టుకెళ్లండి.

ముందే కట్టిన డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది

నా సొంత అనుభవం చెబుతాను. నా తమ్ముడు మకాం మారినప్పుడు టికెట్ నేనే తీశాను. ఒక కంపెనీ వెబ్‌సైట్‌లో కొన్నాను, కానీ రెండో విమానం నడిపేది దాని భాగస్వామి కంపెనీ. అదనపు లగేజీ పేజీలో స్లాబు ఎంచుకున్నాను, డబ్బు కట్ అయ్యింది, నిశ్చింతగా ఉన్నాను. కౌంటరులో చూస్తే మొదటి విమానానికి మాత్రమే నమోదై ఉంది. రెండో విమానం వరకు లగేజీ వెళ్లాలంటే మళ్లీ కట్టాలి అన్నారు. ఇదే ఉద్యోగంలో ఉన్న నేను కూడా రసీదు తెరిచి చదవలేదు. తమ్ముడు ఆ సంగతి ఇప్పటికీ గుర్తు చేస్తుంటాడు.

అందుకని డబ్బు కట్టగానే రెండు పనులు చేయండి. మొదటిది, కంపెనీ వెబ్‌సైట్‌లో మీ బుకింగ్ మళ్లీ తెరిచి, ప్రతి విమానం పక్కనా అదనపు లగేజీ కనిపిస్తుందా చూడండి. రెండోది, మెయిల్‌లో వచ్చిన రసీదులో 13 అంకెల పత్రం నంబరు ఉంటుంది, ఆ పత్రాన్ని ఇఎండి అంటారు. దాని నంబరు మీ టికెట్ నంబరులాగే ఉంటుంది కానీ అది వేరే నంబరు. దాన్ని ఫోనులో దాచుకోండి. బ్యాంకులో డబ్బు పోయింది కానీ కౌంటరు తెర మీద లగేజీ కనపడకపోతే, "కట్టాను సార్" అని వాదించడం కంటే ఆ నంబరు చూపించడం వల్ల పని త్వరగా అవుతుంది. కౌంటరు మనిషి ఆ నంబరుతో వెతికి టికెట్‌కు జోడించగలడు.

రెండు విమానాలు వేర్వేరు టికెట్లుగా కొన్నారా? అప్పుడు మొదటి కంపెనీకి కట్టింది మొదటి విమానంతోనే అయిపోతుంది. మధ్యలో లగేజీ దించుకుని, రెండో కంపెనీ కౌంటరులో వాళ్ల నియమాల ప్రకారం మళ్లీ తూకం వేయించాలి. మొదటిది కిలోల పద్ధతి, రెండోది పెట్టెల పద్ధతి అయితే ఇంకా చిక్కు. రెండూ ఒకే టికెట్‌లో ఉంటే ఈ బాధ లేదు, మామూలుగా ఒకే లగేజీ నియమం చివరిదాకా వర్తిస్తుంది. అలాంటప్పుడు మొత్తం ప్రయాణానికి ఆన్‌లైన్‌లో కొననివ్వకపోతే కంపెనీకి ఫోన్ చేసి కొనండి. కొన్నిసార్లు ఫోనులో కూడా కుదరదు, అప్పుడు కౌంటరు ఒక్కటే దారి, ఆ ధరను బడ్జెట్‌లో వేసుకోండి.

ప్రయాణం తేదీ మారే అవకాశం ఉంటే, ఉదాహరణకు వీసా ఇంకా చేతికి రాకపోతే, అదనపు లగేజీ ఇప్పుడే కొనకండి. తేదీ మార్చుకుంటే ఇఎండి కొత్త విమానానికి బదిలీ అవుతుందా లేదా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. విమానాన్ని వాళ్లే రద్దు చేస్తే వేరే సంగతి, మీరు మార్చుకుంటే మాత్రం చాలాచోట్ల ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అసలు అదనపు లగేజీయే కొనాలా?

ఇంకా టికెట్ కొనకపోతే ముందు పై రకం ఛార్జీ చూడండి. ఒకే విమానంలో ఎకానమీలోనే రెండు మూడు రకాల ఛార్జీలు ఉంటాయి, పైదానికి లగేజీ ఎక్కువ ఇస్తారు. వాటి మధ్య తేడా ఒక అదనపు పెట్టె ధర కంటే తక్కువగా ఉండటం నేను తరచూ చూస్తాను. పైగా దాంతోపాటు తేదీ మార్చుకునే వెసులుబాటు కూడా వస్తుంది. కుటుంబంతో వెళ్తుంటే అందరూ ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోండి. కిలోల పద్ధతిలో అందరి అనుమతీ కలిపి లెక్కవేసే కంపెనీలు చాలా ఉన్నాయి, కానీ అది ఒకే బుకింగ్‌లో ఉన్నవాళ్లకే.

మూడు నాలుగు అదనపు పెట్టెలు దాటుతుంటే ఎయిర్ కార్గోలో పంపడాన్ని కూడా లెక్కవేయండి. అయితే కార్గోలో బరువుతో పాటు సైజు కూడా లెక్కే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేది, అసలు బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. 75, 50, 33 సెంటీమీటర్ల పెట్టెకు అది 20.6 కిలోలు. అందులో 9 కిలోల దుప్పట్లు పెట్టినా 20.6కే కట్టాలి. అదే దుప్పట్లు విమానంలో మీతో వస్తే కిలోల టికెట్‌లో 9 కిలోలే. కాబట్టి మెత్తగా, తేలిగ్గా, చోటు తినే వస్తువులు మీతో తీసుకెళ్లండి. పుస్తకాల్లాంటి బరువైనవి కార్గోకో పోస్టుకో వదలండి. చాలామంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు, పుస్తకాలు తమతో, దుప్పట్లు కార్గోలో. కార్గోకు గమ్యంలో కస్టమ్స్ పని, అక్కడి హ్యాండ్లింగ్ ఛార్జీ వేరే ఉంటాయి, ఆ ఖర్చు ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకోటి, అదనపు లగేజీకి కట్టే డబ్బు బీమా కాదు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద లగేజీ పోయినా పాడైనా ఒక ప్రయాణికుడికి మొత్తం 1519 ఎస్‌డిఆర్ వరకే కంపెనీ బాధ్యత. ఎస్‌డిఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క ప్రమాణం. మీరు ఒక పెట్టె తెచ్చినా, అయిదు తెచ్చినా ఆ పరిమితి పెరగదు. సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ చేతి సంచిలో పెట్టుకోవాలని చెప్పేది అందుకే.

ఎప్పుడు కొనాలి

మూడు రోజుల ముందు సర్దడం పూర్తి చేసి తూకం వేయండి. చేతిలో పట్టుకుని తూచే కాటా ఒకట్రెండు వందల గ్రాములు అటూ ఇటూ చూపిస్తుంది. ముందు బరువు తెలిసిన వస్తువొకటి, ఉదాహరణకు సీలు తీయని 5 కిలోల సంచి, దానికి తగిలించి సరిచూసుకోండి. అలాంటి కాటా లేకపోతే మనిషిని తూచే మిషను మీద మీరు ఒకసారి, పెట్టె ఎత్తుకుని ఒకసారి నిలబడి తేడా చూసుకోండి. ఒక్కో పెట్టెలో అర కిలో వెసులుబాటు వదలండి. ఆ రోజు సాయంత్రమే స్లాబు లెక్క వేసి కొనేయండి. ఆన్‌లైన్ అమ్మకం కొన్ని కంపెనీల్లో ప్రయాణానికి 24 గంటల ముందే ఆగిపోతుంది, కొన్నింట్లో నాలుగైదు గంటల ముందు వరకు ఉంటుంది. వెబ్ చెక్-ఇన్ చేసేస్తే ఆ బటన్ మాయమయ్యే కంపెనీలు కూడా ఉన్నాయి, కాబట్టి లగేజీ కొన్న తర్వాతే చెక్-ఇన్ చేయండి.

కౌంటరులో కొంత కట్టాల్సి ఉంటే మూడున్నర గంటల ముందే అక్కడ ఉండండి. తూకం వేసి, చీటీ రాసి, డబ్బు కట్టడానికి చాలాచోట్ల వేరే కౌంటరుకు పంపిస్తారు. అక్కడ వరుసలో నిలబడి, కట్టి, రసీదు తెచ్చి చూపిస్తేనే బోర్డింగ్ పాస్ చేతికి వస్తుంది. ఈ తిరుగుడుకే అరగంట పడుతుంది. అంతర్జాతీయ విమానాలకు కౌంటరు మామూలుగా గంట ముందే మూసేస్తారు. ఎవరైనా తోడు వస్తే మీరు లోపలికి వెళ్లేదాకా వెళ్లిపోవద్దని చెప్పండి, తీసేసిన వస్తువులు ఇవ్వడానికి ఒక మనిషి ఉండాలి.

మీ టికెట్‌లో `K` ఉందో `PC` ఉందో, రెండు పెట్టెల బరువు విడివిడిగా ఎంతో ఇక్కడ రాయండి, మీ కంపెనీ పట్టిక చూసి లెక్క వేసి చెబుతాను. పీఎన్ఆర్ మాత్రం పెట్టకండి, అది తెలిస్తే ఎవరైనా మీ బుకింగ్ తెరవగలరు.